కిస్తీ నెలకు, వడ్డీ మూణ్నెల్లకు

పోస్టాఫీసులో ఐదేళ్ల రికరింగ్ డిపాజిట్ తెరిచి, నెలకు 10,000 రూపాయలు కడదామనుకున్నారనుకోండి. వడ్డీ ఏడాదికి 6.7 శాతం. 2023 అక్టోబరు త్రైమాసికానికి ప్రకటించిన రేటు ఇది. ఐదేళ్ల తర్వాత చేతికి ఎంత వస్తుందో చూద్దామని ఒక కాలిక్యులేటర్‌లో అంకెలు వేస్తే 7,14,364 రూపాయలు అంటుంది. అవే అంకెలు ఇంకోదాంట్లో వేస్తే 7,13,658 అంటుంది. తేడా 706 రూపాయలు. కిస్తీ అదే, గడువు అదే, వడ్డీ రేటు అదే. ఏజెంటును అడిగితే రెండో అంకె దగ్గరే ఉంటుంది గానీ, మొదటిది ఎందుకు తప్పో ఆయనా చెప్పలేకపోవచ్చు.

కారణం పథకం వివరాల్లో చాలామంది చదవకుండా దాటేసే ఒక ముక్కలో ఉంది. ఏడాదికి 6.7 శాతం అన్న మాట పక్కనే ‘మూడు నెలలకోసారి చక్రవడ్డీ’ అని ఉంటుంది. మనం కట్టేది నెలనెలా. వడ్డీ అసలులో కలిసేది మూడు నెలలకోసారి. ఈ రెండు గడియారాలూ ఒకేసారి మోగవు. ఇలా సమాన వ్యవధుల్లో కట్టే సొమ్ముల వరుసను లెక్కల పుస్తకాల్లో యాన్యుటీ అంటారు. కట్టే వ్యవధీ వడ్డీ కలిసే వ్యవధీ ఒకటే అయితే అది సింపుల్ యాన్యుటీ, వేరైతే జనరల్ యాన్యుటీ. మన దేశంలో ఆర్‌డీ కట్టే ప్రతి ఇల్లూ, ఆ పేరు వినకపోయినా, జనరల్ యాన్యుటీయే కడుతోంది.

నూటికి ఎన్ని పైసలు?

మన పల్లెల్లో వడ్డీ ఏడాది శాతాల్లో నడవదు. ‘నూటికి రూపాయి’, ‘నూటికి రెండు రూపాయలు’ అంటాం. వందకు నెలకు ఇంత అని దాని భావం. నూటికి రూపాయి అంటే ఏడాదికి 12 శాతం అని ఎవరికి వాళ్లు నోటిమీదే చెప్పేస్తారు, పన్నెండుతో గుణించి. వెనక్కి రావాలంటే పన్నెండుతో భాగిస్తారు. బారువడ్డీ ఉన్నంతవరకూ ఈ లెక్కలో దోషం లేదు.

ఈ అలవాటుతోనే 6.7 శాతాన్ని పన్నెండుతో భాగిస్తే నూటికి 55.83 పైసలు వస్తుంది. మొదటి కాలిక్యులేటర్ చేసింది సరిగ్గా ఇదే. నెలకు 55.83 పైసల చొప్పున వడ్డీ వేసి, నెలనెలా అసలులో కలుపుతూ పోయింది.

ఇది పథకం ఇస్తానన్న వడ్డీయేనా? వంద రూపాయలు తీసుకుని మూడు నెలలు నడిపి చూద్దాం. పథకం ప్రకారం ఏడాదికి 6.7 శాతం అంటే మూడు నెలలకు అందులో నాలుగోవంతు, 1.675 శాతం. ఇక్కడ నాలుగుతో భాగించడం మన ఊహ కాదు, పథకం నియమమే: ఏడాది రేటును నాలుగుగా విడగొట్టి, ఒక్కో భాగాన్ని ఒక్కో త్రైమాసికానికి వేస్తారు. కాబట్టి మూడు నెలల చివర వంద రూపాయలు 101 రూపాయల 67.5 పైసలు కావాలి.

ఇప్పుడు నూటికి 55.83 పైసల లెక్కన నెలనెలా కలుపుతూ వెళితే, మొదటి నెల చివర 100.5583 అవుతుంది. రెండో నెల ఈ మొత్తంమీదే వడ్డీ పడి 101.1198 అవుతుంది. మూడో నెల చివర 101.6844 దగ్గర ఆగుతుంది. రావలసినదానికన్నా దాదాపు ఒక పైసా ఎక్కువ. త్రైమాసికం మధ్యలో పోస్టాఫీసు వడ్డీమీద వడ్డీ ఇస్తానని చెప్పలేదు, మనమే రెండుసార్లు వేసేసుకున్నాం. ఆ ఒక్క పైసాను ఇరవై త్రైమాసికాలు, అరవై కిస్తీల మీద నడిపిస్తే 706 రూపాయలైంది. ఇంకోలా చెప్పాలంటే, పన్నెండుతో భాగించిన క్షణమే మనకు తెలియకుండా రేటును 6.7 నుంచి 6.74 శాతానికి పెంచేశాం.

భాగహారం కాదు, ఘనమూలం

అయితే సరైన నెల రేటు ఏది? ప్రశ్నను ఇలా పెట్టుకుంటే జవాబు దానంతటదే వస్తుంది: నెలనెలా కలుపుతూ పోయినా సరిగ్గా మూడు నెలల చివర 101.675 దగ్గరే తేలే రేటు ఏది? దాన్నే సమాన రేటు అంటారు. రెండు రేట్లు సమానమంటే వాటి అంకెలు కలవడం కాదు, ఒకే సొమ్మును ఒకే కాలంలో ఒకే చోటికి చేర్చడం.

చక్రవడ్డీలో సొమ్ము గుణకారంతో పెరుగుతుంది. ఒక నెలలో రూపాయి ఎంతయితే, ఆ అంకెను మూడుసార్లు దానితోనే గుణిస్తే మూడు నెలల విలువ వస్తుంది. ఆ మూడు నెలల విలువ 1.01675 అని మనకు ముందే తెలుసు. కాబట్టి దేన్ని మూడుసార్లు గుణిస్తే 1.01675 వస్తుందో అదే కావాలి. అంటే ఘనమూలం. లెక్క ఇలా ఉంటుంది:

```
j = (1 + 0.067/4)^(1/3) - 1
j = 0.0055524...
```

అంటే నూటికి 55.52 పైసలు. పన్నెండుతో భాగిస్తే వచ్చిన 55.83తో పోలిస్తే పైసాలో మూడోవంతు కూడా తేడా లేదు. అంకె చిన్నదే కానీ దిశ ఎప్పుడూ ఒకటే. కిస్తీ వ్యవధి వడ్డీ కలిసే వ్యవధికన్నా చిన్నదైనప్పుడు సమాన రేటు భాగహారంతో వచ్చే రేటుకన్నా ఎప్పుడూ తక్కువే. మీ లెక్కలో ఎక్కువ వచ్చిందంటే ఎక్కడో తప్పు జరిగిందన్నమాట.

ఇంకా గట్టి పరీక్ష కావాలంటే 1.0055524ను మూడుసార్లు గుణించి చూడండి. 1.01675 రావాలి. నెల రేటు ఎక్కడినుంచి వచ్చినా, ఎవరు చెప్పినా, ఈ గుణకారం దాటితేనే దాన్ని నమ్మాలి.

అరవై కిస్తీలు

నెల రేటు చేతికొచ్చాక మిగిలింది మామూలు లెక్కే. ఇప్పుడు కిస్తీ నెలకు, వడ్డీ కూడా నెలకు. రెండు గడియారాలూ కలిసిపోయాయి కాబట్టి జనరల్ యాన్యుటీ కాస్తా సింపుల్ యాన్యుటీ అయిపోయింది. నెల చివర రూపాయి చొప్పున అరవై నెలలు కడితే ఆఖరికి ఎంతవుతుందో చెప్పే సూత్రం ఇది:

```
s = ((1 + j)^60 - 1) / j
```

ఇందులో ఒక వెసులుబాటు ఉంది. ఒక నెల విలువను అరవైసార్లు గుణించడమంటే, త్రైమాసిక విలువను ఇరవైసార్లు గుణించడమే. కాబట్టి లవంలో ఉన్నది 1.01675 ఘాతం 20 నుంచి ఒకటి తీసేస్తే వచ్చే 0.394067. దాన్ని 0.0055524తో భాగిస్తే 70.97. నెలకు పదివేల చొప్పున 7,09,718 రూపాయలు.

కానీ ఇది నెల చివర కట్టేవాళ్ల లెక్క. ఆర్‌డీలో ఖాతా తెరిచే రోజునే మొదటి కిస్తీ కడతాం. అరవయ్యో కిస్తీ కట్టిన తర్వాత కూడా ఒక నెల ఆగితేగాని గడువు తీరదు. అంటే ప్రతి కిస్తీకీ ఒక నెల వడ్డీ అదనంగా వస్తుంది. ఇలా వ్యవధి మొదట్లో కట్టే దాన్ని యాన్యుటీ డ్యూ అంటారు. వచ్చిన మొత్తాన్ని మరోసారి 1.0055524తో గుణించాలి. అప్పుడు 7,13,658 రూపాయలు. అసలు ఆరు లక్షలు పోతే వడ్డీ 1,13,658.

ఈ ఒక్క గుణకారం మరిచిపోతే పోయేది 3,941 రూపాయలు. పన్నెండుతో భాగించడంవల్ల వచ్చే తప్పుకన్నా ఇది అయిదు రెట్లు పెద్దది. అందుకే మీ లెక్కకూ పోస్టాఫీసు చెప్పిన అంకెకూ తేడా వస్తే, ముందు తేడా ఎంతో చూడాలి. లక్షకు దాదాపు వంద రూపాయలు ఎక్కువ చూపిస్తుంటే నెల రేటు తప్పింది. లక్షకు అయిదారువందలు తక్కువ చూపిస్తుంటే కిస్తీ నెల మొదట్లో కట్టినట్టు వేయలేదు.

మూడు కిస్తీలను ఒక మూటగా

ఇదే జవాబుకు ఇంకో దారి ఉంది. కాస్త పొడుగైనా, లోపల ఏం జరుగుతోందో కళ్లకు కడుతుంది. రేటును నెలకు తెచ్చే బదులు, కిస్తీలనే త్రైమాసికానికి తీసుకెళ్లవచ్చు.

మొదటి మూడు నెలలు చూడండి. మొదటి కిస్తీ మూడు నెలలూ ఉంటుంది కాబట్టి త్రైమాసికం చివర 10,167.50 అవుతుంది. రెండోది రెండు నెలలు ఉండి 10,111.36 అవుతుంది. మూడోది ఒక్క నెల ఉండి 10,055.52 అవుతుంది. మూడూ కలిపితే 30,334.38 రూపాయలు. నెలకు పదివేలు కట్టడమూ, ప్రతి మూడు నెలల చివర 30,334.38 కట్టడమూ ఒకటే అన్నమాట. ఇలాంటి మూటలు ఇరవై. త్రైమాసికానికి 1.675 శాతం చొప్పున ఇరవై మూటలను పెంచితే మళ్లీ అదే 7,13,658 వస్తుంది.

ఈ దారిలో వెళితే తొందరపాటు లెక్కలు ఎక్కడ తప్పుతాయో కూడా తేలిపోతుంది. ‘నెలకు పదివేలంటే మూడు నెలలకు ముప్ఫై వేలే కదా’ అని త్రైమాసికం చివర 30,000 కట్టినట్టు వేస్తే 7,05,791 వస్తుంది. త్రైమాసికం మధ్యలో కిస్తీలు సంపాదించిన వడ్డీ అంతా పోయింది. పోనీ మూడు కిస్తీలూ త్రైమాసికం మొదట్లోనే కట్టినట్టు వేస్తే 7,17,613 వస్తుంది. రెండో నెల, మూడో నెల కిస్తీలకు ఇంకా కట్టని సొమ్ముమీద వడ్డీ వేసినట్టయింది. అసలు జవాబు ఈ రెండింటికీ మధ్య ఉండి తీరాలి. కాలిక్యులేటర్ లేకుండా అంచనా వేసుకునేవాళ్లకు ఈ రెండు హద్దులూ చాలు.

ఇక్కడే ఒక సూక్ష్మమైన విషయం ఉంది. త్రైమాసికం లోపల, వడ్డీ ఇంకా అసలులో కలవని ఆ ఒకటి రెండు నెలలకు బారువడ్డీ వేయవచ్చు కదా అని అడిగేవాళ్లు ఉంటారు. న్యాయమైన ప్రశ్నే. అలా వేస్తే రెండో కిస్తీ 10,111.67, మూడోది 10,055.83 అయి, మూట 30,335 రూపాయలు అవుతుంది. పాత మూటకన్నా 62 పైసలు ఎక్కువ. ఐదేళ్లకు తేడా సుమారు 15 రూపాయలు. కాబట్టి ఏడు లక్షల మొత్తంలో పది పదిహేను రూపాయల తేడా కనబడితే అది తప్పు కాదు. త్రైమాసికం లోపలి రోజులకు ఏ పద్ధతి వాడారన్న దాని ఫలితం. ఏడు వందల తేడా మాత్రం పద్ధతి తేడా కాదు.

మైనస్ ఒకటిబై మూడు

బ్యాంకుల ఆర్‌డీ లెక్కల్లో, పోటీ పరీక్షల పుస్తకాల్లో ఒక సూత్రం తరచూ కనిపిస్తుంది:

```
M = R * ((1 + i)^n - 1) / (1 - (1 + i)^(-1/3))
```

ఇందులో R నెల కిస్తీ, i త్రైమాసిక వడ్డీ, n త్రైమాసికాల సంఖ్య. హారంలో ఉన్న మైనస్ ఒకటిబై మూడు దగ్గరకొచ్చేసరికి చాలామంది దీన్ని బట్టీపట్టి వదిలేస్తారు. నిజానికి మనం ఇప్పటిదాకా చేసిందంతా ఆ మూలలోనే ఉంది. ఒకటిబై మూడు అన్నది ఘనమూలం, అంటే త్రైమాసికాన్ని నెలకు దించడం. మైనస్ గుర్తు అన్నది కిస్తీ నెల మొదట్లో కట్టడం. రెంటినీ విడివిడిగా చేసి మనం రెండు అడుగులు వేశాం, సూత్రం ఒక్క అడుగులో ముగించింది. మన అంకెలు ఇందులో వేస్తే లవం 0.394067, హారం 0.0055218 అవుతుంది. భాగిస్తే 71.3658. నెలకు పదివేలు కాబట్టి మళ్లీ అదే 7,13,658.

కంప్యూటర్లో స్ప్రెడ్‌షీట్ వాడేవాళ్లకు పని ఇంకా తేలిక. A1 గడిలో నెల రేటు, A2 గడిలో ఆఖరి మొత్తం:

```
=(1+6.7%/4)^(4/12)-1
=FV(A1,60,-10000,0,1)
```

చివరి 1 అంకె కిస్తీ నెల మొదట్లో అని చెప్పడానికి. దాన్ని వదిలేస్తే స్ప్రెడ్‌షీట్ నెల చివర అనుకుని ఆ 3,941 రూపాయలు తగ్గించేస్తుంది. 4/12 చుట్టూ బ్రాకెట్లు తప్పనిసరి. లేకపోతే అది నాలుగో ఘాతం తీసి ఆ తర్వాత పన్నెండుతో భాగిస్తుంది, అర్థంలేని అంకె వస్తుంది. అన్నిటికన్నా ఎక్కువమంది చేసే పొరపాటు మాత్రం నెల రేటును 0.56 శాతానికి కుదించి రాసుకోవడం. ఇంత శ్రమపడి ఘనమూలం తీసి, చివర్లో అలా కుదిస్తే 7,14,745 వస్తుంది. వెయ్యి రూపాయలకు పైగా తప్పు, అంటే పన్నెండుతో భాగించినవాడి తప్పుకన్నా ఎక్కువ. నెల రేటును గడిలోనే ఉంచాలి. కాగితంమీద రాసుకోక తప్పకపోతే దశాంశం తర్వాత కనీసం ఏడెనిమిది అంకెలు ఉంచాలి.

పన్నెండు ఎక్కడ సరైనది?

ఇంత విన్నాక పన్నెండుతో భాగించడమే నేరమనుకోకూడదు. ఇంటి అప్పు తీసుకుంటే బ్యాంకు మామూలుగా వడ్డీని నెలనెలా లెక్కగడుతుంది. అక్కడ ఈఎంఐ నెలకు, వడ్డీ కలిసేదీ నెలకే. ఏడాది రేటును పన్నెండుతో భాగించడమే సరైన పద్ధతి. పోస్టాఫీసులోనే నెలసరి ఆదాయ పథకం చూడండి. 7.4 శాతం వడ్డీ మీద 9 లక్షలు పెడితే నెలకు 5,550 రూపాయలు ఇస్తారు. తొమ్మిది లక్షలకు 7.4 శాతం తీసి పన్నెండుతో భాగిస్తే వచ్చే అంకె అదే. ఆ పథకంలో వడ్డీ నెలనెలా చేతికి వచ్చేస్తుంది, మూడు నెలలకోసారి కలపడమనే నియమం లేదు.

బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో నెలనెలా వడ్డీ తీసుకునేవాళ్లది మాత్రం వేరే కథ. లక్ష రూపాయలు 7 శాతానికి వేస్తే మూడు నెలలకు 1,750 రావాలి. నెలనెలా ఇమ్మంటే 583.33 వస్తుందని ఎదురుచూస్తారు. ఖాతాలో పడేది సుమారు 580. మూడు నెలలకు పది రూపాయలు బ్యాంకు కోసేసిందని అనుమానం వస్తుంది. కోసింది ఏమీ లేదు. డిపాజిట్ల వడ్డీని బ్యాంకులు మూడు నెలలు లేదా అంతకన్నా ఎక్కువ వ్యవధికోసారి లెక్కగట్టాలన్నది రిజర్వు బ్యాంకు నియమం. నెలకే ఇవ్వాలంటే ముందుగా ఇచ్చినందుకు ఆ మేరకు తగ్గించి ఇస్తారు.

ఎంత తగ్గించాలో చెప్పేది మళ్లీ ఘనమూలమే. 1.0175 ఘనమూలం 1.0057996. లక్షకు 579.96 రూపాయలు. మొదటి నెల అందుకున్న 579.96 మిగిలిన రెండు నెలలూ అదే రేటున పెరిగితే 586.71 అవుతుంది. రెండో నెలది 583.32 అవుతుంది. మూడోది 579.96గానే ఉంటుంది. మూడూ కలిపితే పైసా అటూ ఇటుగా 1,750. ఆర్‌డీలో మనం బ్యాంకుకు నెలనెలా ఇస్తున్నాం, ఇక్కడ బ్యాంకు మనకు నెలనెలా ఇస్తోంది. సొమ్ము నడిచే దిక్కు మారింది, సమాన రేటు తీసే పద్ధతి మారలేదు.

లెక్క ఎంతవరకు పనికొస్తుంది

ఈ లెక్క మొత్తం ఒక ఊహమీద నిలబడింది: అన్ని నెలలూ సమానం, అరవై కిస్తీలూ సమయానికి పడ్డాయి, ఖాతా గడువుదాకా నడిచింది. పోస్టాఫీసు ఆర్‌డీలో ఈ ఊహ బాగానే సరిపోతుంది, ఎందుకంటే అక్కడ రోజులు లెక్కపెట్టరు, నెలలే లెక్క. నెలలో పదిహేనో తేదీలోపు తెరిచిన ఖాతాకు ప్రతి నెలా పదిహేనులోపు ఎప్పుడు కట్టినా ఒకటే. ఒకటో తేదీన పరుగెత్తుకెళ్లి కట్టినందుకు అదనపు వడ్డీ ఏమీ రాదు.

కిస్తీ తప్పితే మాత్రం లెక్క మారిపోతుంది. ప్రతి వంద రూపాయల కిస్తీకి ఆలస్యమైన నెలకు ఒక రూపాయి చొప్పున రుసుము కట్టాలి. పదివేల కిస్తీకి ఒక నెల ఆలస్యమైతే వంద రూపాయలు. అదే పదివేలు ఒక నెలలో సంపాదించే వడ్డీ, మనం కనిపెట్టిన సమాన రేటు ప్రకారం, 55 రూపాయల 52 పైసలు. అంటే ఆలస్య రుసుము దాదాపు రెండు నెలల వడ్డీని తినేస్తుంది. నెల రేటు చేతిలో ఉంటేనే ఇలాంటి పోలిక ఒక్క చూపులో తెలుస్తుంది. ఏడాది రేటును పట్టుకుని కూర్చుంటే తెలియదు.

మూడేళ్లు నిండాక ముందే మూసేస్తే ఆర్‌డీ రేటు కాకుండా సేవింగ్స్ ఖాతా రేటు వర్తిస్తుంది. అప్పుడు పై అంకెలేవీ పనికిరావు. బ్యాంకుల్లో 14 నెలలు, 20 నెలలు లాంటి గడువులకు కూడా ఆర్‌డీ తెరవవచ్చు. అవి పూర్తి త్రైమాసికాలుగా తెగవు. చివర మిగిలిన ఒకటి రెండు నెలలకు ఏ పద్ధతి వేస్తారో ఆ బ్యాంకు నిబంధనల్లో చూసుకోవాలి. అక్కడ కొద్ది రూపాయల తేడా రావడం సహజం.

పద్ధతి మాత్రం ఎక్కడికైనా తీసుకెళ్లవచ్చు. కెనడాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు తీసుకునే ఫిక్స్‌డ్ రేటు ఇంటి అప్పుల్లో వడ్డీ ఆరు నెలలకోసారి కలుస్తుంది, వాయిదా మాత్రం నెలనెలా కడతారు. అక్కడ ఏడాదికి వడ్డీ కలిసేది రెండుసార్లు, వాయిదాలు పన్నెండు. కాబట్టి ఘనమూలం బదులు ఆరో మూలం తీయాలి. రేటు 6 శాతం అనుకుంటే అర్ధ సంవత్సరానికి 1.03, దాని ఆరో మూలం నెల విలువ. ఇండియాలో అలవాటైన ఈఎంఐ కాలిక్యులేటర్‌లో ఆ 6 శాతాన్ని నేరుగా వేస్తే అది పన్నెండుతో భాగించి, అసలు వాయిదాకన్నా కాస్త ఎక్కువ చూపిస్తుంది.

ఏ పథకమైనా సరే, కాగితంమీద వెతకాల్సినవి రెండే అంకెలు: ఏడాదికి వడ్డీ ఎన్నిసార్లు కలుస్తుంది, ఏడాదికి ఎన్నిసార్లు కడతాం. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చే భిన్నమే ఘాతం. ఆర్‌డీకి 4/12, కెనడా అప్పుకు 2/12, మన ఇంటి అప్పుకు 12/12. ఆ చివరిదాంట్లో ఘాతం ఒకటి కాబట్టే పన్నెండుతో భాగించినా తప్పు రాదు.